గోడమీది ఎర్ర త్రికోణము

విజయవాడనుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, వైరా నదీతీరమందు వెలసిన మధిర పట్టణమునందును, దాని చుట్టుపట్ల పల్లెలయందును, వయసు మీరినవారిలో ఎర్ర త్రికోణము నెరుగనివారు అరుదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు సున్నపుగోడమీద, బస్సుల వెనుకతట్టున, సబ్బులును టీపొడియు అమ్ము కిరాణా దుకాణపు గూటిలోని చిన్న పొట్లముమీద, మొన క్రిందికి దించి నిలిచిన ఆ ఆకారము రెండు తరములవారి కన్నులకు పరిచితమైనది. పత్రికలవారు నేటికిని ‘కు.ని. శస్త్రచికిత్స’ అని రెండక్షరములలో కుదించి వ్రాయు ఆ కుటుంబ నియంత్రణోద్యమమునకు అది ముద్ర. ఆ ముద్రను ఎవరు కల్పించిరి, ఏ యాలోచనతో కల్పించిరి, అది ఎక్కడ నెగ్గి ఎక్కడ ఓడెను అను కథ మాత్రము ముద్రయంత ప్రసిద్ధికి రాలేదు.

1961 జనాభా లెక్కలనాటికి ఆంధ్రప్రదేశమున 100 మందిలో చదువను వ్రాయను నేర్చినవారు 21 మంది మాత్రమే. స్త్రీలలో ఆ సంఖ్య 12కు మించలేదు. ఖమ్మం జిల్లాలో ఈ చిక్కునకు మరియొక ముడి కలదు. 1959లో భద్రాచల ప్రాంతము తూర్పుగోదావరి జిల్లానుండి విడివడి ఈ జిల్లాలో కలిసినపుడు, అడవిలోని కోయగూడెములును వెంట వచ్చినవి. కోయమాటయు, మైదానపు తండాలలోని లంబాడీ మాటయు, పాఠశాలలో నేర్పు తెలుగునకు భిన్నములు. తెలుగులో వ్రాసిన హితవచనమును ఎవరైన బిగ్గరగా చదివి వినిపించినను, ఆ గూడెములలోని ముసలమ్మకు అది సగమే అర్థమగును. ఇట్టి చోట, ఇంటింటి ఆంతరంగిక విషయమును గూర్చి, ప్రభుత్వము అందరితోను ఒక్కమాటు మాటాడవలసి వచ్చెను.

అక్షరము రానివాడు గుర్తులను చదువలేడని తలచుట పట్టణవాసులకు సహజమైన పొరపాటు. ఎర్ర త్రికోణము పుట్టుటకు పదమూడేండ్లు ముందుగనే ఈ దేశపు నిరక్షరాస్యులు గుర్తులను చదివి ప్రభుత్వములను నిలిపిరి. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్, అభ్యర్థి కొక పెట్టె చొప్పున నిలిపి, దానిమీద అభ్యర్థి గుర్తును అతికింపించెను. కాడికట్టిన యెడ్లు ఒక పక్షము, కంకి కొడవలి మరియొక పక్షము. ఓటరు తన చీటిని తాను మెచ్చిన గుర్తు గల పెట్టెలో వేసి వచ్చెడివాడు. అందు గమనింపదగిన సూక్ష్మమొకటి యున్నది. కాడియెడ్లను చూచి ఇది వ్యవసాయమును గూర్చిన బోధయని యెవ్వరును భ్రమపడలేదు. బొమ్మ ఒక సంగతిని వర్ణించుటకు గాక, ‘ఇది ఫలానావారిది’ అని పేరువలె నిలుచుటకై యున్నదని పల్లెవాసి మారుమాటాడక గ్రహించెను. విద్యావంతులైన ప్రచారకులకు మాత్రము ఈ రహస్యము ఆలస్యముగా తెలియవచ్చెను.

భారత ప్రభుత్వము కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమముగా 1952లోనే చేపట్టెను. మొదటి పుష్కరకాలమున ప్రచారము పలువిధముల చెదరియుండెను. ఒకచోట మాతృక్షేమమును గూర్చియు, వేరొకచోట దేశపు అన్నకొరతను గూర్చియు, ఇంకొకచోట ప్రణాళికాబద్ధమైన జీవనమును గూర్చియు చిత్రపటములు వెలువడెను. వానిలో మిక్కిలి ప్రచారము పొందినది రెండు సంసారముల పటము. ఒక ప్రక్క చిరుగుబట్టలతో, చంకకొకడు కొంగుకొకడుగా పిల్లలు మూగిన దంపతులు. మరియొక ప్రక్క ఇద్దరు బిడ్డలతో చక్కని యింట కూర్చుండిన దంపతులు. పట్నపు చిత్రకారునికి దీని భావము సూర్యకాంతివలె స్పష్టము. పల్లెలో దానిని చూచినవారు మొదటి సంసారమును చూచి ‘ఎంత సంతతి గల యదృష్టవంతులు!’ అని మెచ్చి, రెండవదానిని చూచి ‘పాపము, వీరికి ఇద్దరే మిగిలిరి కాబోలు’ అని జాలిపడిరన్న వృత్తాంతమును ఆ శాఖలో పనిచేసినవారు పెక్కుమారులు చెప్పుకొనెడివారు. పుట్టిన బిడ్డలందరును దక్కని కాలమున ఆ జాలి అవివేకము కాదు. పటములోని ఇద్దరు బిడ్డలు చూపరికి సుఖమును గాక చావునే స్ఫురింపజేసిరి.

చిత్రమును చదువుటయు నేర్పవలసిన విద్యయే. ఈ సంగతిని పరీక్షించి చూచినవారు పొరుగున నేపాళమున గలరు. 1976లో డయానా ఫస్సెల్, ఆనె హాలండ్ అను ఇరువురు స్త్రీలు, యునిసెఫ్ తోడ్పాటుతో, నేపాళపు పల్లెలలో బొమ్మలను చూపి ‘ఇందేమి కనబడుచున్నది?’ అని అడిగి, వచ్చిన సమాధానములను ప్రకటించిరి. కేవలము గీతలతో వేసిన బొమ్మకంటె, వెనుకటి దృశ్యమును తొలగించి మనిషిని మాత్రము నిలిపిన ఛాయాచిత్రమును పల్లెవారు బాగుగా గుర్తించిరి. వరుసగా పేర్చిన బొమ్మలు ఒక కథయని, ఎడమనుండి కుడికి చదువవలెనని వారికి తోచలేదు. పుస్తకము చదువని కంటికి ఎడమనుండి కుడికి నడవవలసిన పని యేమున్నది? ఒప్పుగుర్తు, తప్పుగుర్తు అనునవి పాఠశాల మెట్టెక్కినవారి సొత్తు. ఈ పరిశోధన ఎర్ర త్రికోణము తరువాత పదేండ్లకు వచ్చినదే గాని, త్రికోణమును కల్పించినవాడు అనుభవముచేతనే దాని సారమును ముందుగా పట్టుకొనెను.

ఆయన పేరు ధర్మేంద్రకుమార్ త్యాగి. స్నేహితులు దీప్ త్యాగి యందురు. కేంద్రప్రభుత్వపు కుటుంబ నియంత్రణ శాఖలో ప్రచార విభాగమునకు సహాయ కమిషనరు. ఫోర్డ్ ఫౌండేషన్ పక్షమున సలహాదారుగా వచ్చిన ఫ్రాంక్ వైల్డర్ ఆయనకు తోడు. 1960 దశకపు నడిమికాలమున ఈ యిరువురును కలిసి తీసికొన్న నిర్ణయము చూచుటకు అల్పమైనది: ఇంతవరకు చెప్పుచు వచ్చిన నూరు మాటలను విడిచి, దేశమంతట ఒక్క మాటనే, ఒక్క బొమ్మనే, ఒక్క గుర్తునే, విసుగులేక చూపవలెను. మాట యొక్క భావము ‘ఇద్దరు లేక ముగ్గురు బిడ్డలు చాలు, ఆపై వైద్యుని సలహా పొందుడు’ అని. ‘చిన్న కుటుంబము’ అనినచో ఎంత చిన్నదో ఎవరికి తోచినట్లు వారు తలంతురు. ఐదుగురు గలవాడు ఎనమండుగురు గల పొరుగువానిని చూచి తనది చిన్నదే యనుకొనును. సంఖ్య చెప్పినచో ఆ వెసులుబాటు లేదు. ఎవడైనను తన యింట లెక్కించి చూచుకొనవచ్చును. బొమ్మ నాలుగు ముఖములు: నవ్వుచున్న తల్లి, తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు. గుర్తు ఎర్రని తలక్రిందుల త్రికోణము.

నాలుగు ముఖములుండగా మరల త్రికోణ మెందుకని చదువరికి సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము కాగితముమీద గాక గోడమీదనే దొరకును. ఢిల్లీలో అచ్చైన పటము చినిగిపోవును, తడిసిపోవును, తాలూకా కార్యాలయపు బీరువాలో మూటకట్టి మిగిలిపోవును. పల్లె గోడమీద గుర్తును వ్రాయువాడు ఆ యూరి పెయింటరు; నేడు సినిమాబండికి బోర్డు వ్రాసి, రేపు ఎన్నికలకు గోడ నింపువాడు. ముఖము వేయుట అట్టివారిలో అందరికిని వచ్చు విద్య కాదు. చేయి తిరుగనివాడు వేసిన తల్లిముఖము నవ్వుటకు మారు పండ్లికిలించును. తండ్రి మీసము మరికొంత బలిసి నాటకములోని రావణునివలె తయారగును. ఆ బొమ్మను చూచిన పిల్లలు నవ్వుదురు, పెద్దలు తల త్రిప్పుకొందురు. త్రికోణమునకు ఈ ప్రమాదము లేదు.

దానిని గీయు విధమును చూడుడు. గోడమీద మనిషి తలయెత్తున 3 అడుగుల అడ్డగీత గీయవలెను. అంతే పొడవుగల త్రాటిని తీసికొని, ఒక కొనను గీత యెడమచివర బొటనవ్రేలితో అదిమిపట్టి, రెండవ కొనకు బొగ్గుముక్క కట్టి, క్రిందివైపు ఒక వంపు గీయవలెను. కుడిచివరనుండి మరియొక వంపు. ఆ రెండును ఖండించుకొన్న చోటు మొన. గీత చివరలను మొనతో కలిపినచో మూడు భుజములును సమానమైన త్రికోణము ఏర్పడును. ఎత్తు సుమారు 2 అడుగుల 7 అంగుళములు వచ్చును. కొలబద్దయు, మూలమట్టమును అక్కరలేదు. అన్నిచోట్ల ఒకే పరిమాణము కావలెనన్నచో రేకును కత్తిరించి అచ్చు చేసికొనవచ్చును. రంగునకు బజారులోని ఎర్ర ఎనామెలు లేనిచో, ప్రతి గృహిణియు పండుగకు అరుగునకు పూయు జాజు చాలును. భుజము ఒకటి కొంచెము కుంగినను, అంచు వంకరపోయినను, చూచువాడు దానిని త్రికోణమనియే గుర్తించును. నల్లసిరాతో అచ్చగు వార్తాపత్రికలో రంగు పోయినను ఆకారము నిలుచును. వానకు జాజు కరగి ఆకారము చెదిరినను ఎరుపు కొంతకాలము మిగులును. ఇట్లు ఒకటి పోయిన మరియొకటి సాక్ష్యము చెప్పునట్టి గుర్తులు లోకమున బహుకొద్ది.

దానికి గల రెండవ గుణము ఇంతకంటెను ముఖ్యమైనది. ఆ త్రికోణమునకు అంతకుముందు పల్లెలో ఏ అర్థమును లేదు. ఎర్ర శిలువ అందరెరిగినదే గాని, అది ఒక అంతర్జాతీయ సంస్థకు చెందిన రక్షితచిహ్నము. పైగా గాయము, రోగము, యుద్ధము అను భావములను వెంట తెచ్చును. కుటుంబ నియంత్రణ రోగమునకు చికిత్స కాదు. దీపము, కలశము, పద్మము వంటి మంగళచిహ్నములు ఒక మతమువారికి ప్రీతి, మరియొక మతమువారికి శంక. జంతువులును పనిముట్లును ఎన్నికల గుర్తులుగా అప్పుడే పంచుకొనబడినవి. మిగిలినవి రేఖాగణితపు ఆకారములు. వానిలోను వృత్తము బొట్టునకును సూర్యునకును చెందినది. త్రికోణము మాత్రము ఖాళీ పాత్రవలె నుండెను; అందేమి పోసిన అదే దాని రుచి. దీనిని త్యాగి బలముగా చూచెను. ఈ బలమే తరువాత బలహీనత యైన తీరును మనము చూడబోవుచున్నాము.

మన ప్రాంతమున ఎరుపు పూర్తిగా అర్థరహితము కాదని ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఖమ్మము గోడలమీద ఎర్రరంగు ఒక రాజకీయపక్షపు వర్ణముగా అంతకుముందే ప్రసిద్ధము. ఢిల్లీలో కూర్చుండి దేశమంతటికి ఒక్క రంగును నిర్ణయించువారు ప్రతి జిల్లా గోడల చరిత్రను విచారింపజాలరు. అయినను కొడవలి ప్రక్కన త్రికోణమును చూచి తికమకపడిన వారుండరు. ఆకారము రంగును ఓడించును.

1967లో ఈ శాఖ ఒక తెలుగువాని చేతికి వచ్చెను. రాజమహేంద్రవరమున జన్మించిన జనాభాశాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ ఆరోగ్య కుటుంబ నియంత్రణ మంత్రిగా, త్యాగి త్రికోణమునకు ప్రచారబలమును సమకూర్చెను. మరుసటియేట ప్రభుత్వము నిరోధ్‌ను అంగడికి తెచ్చెను. దానికి మొదట ‘కామరాజ్’ అను పేరు సూచింపబడి, అది నాటి కాంగ్రెసు పెద్ద పేరును అగుటచే విరమింపబడెనని చెప్పుకొందురు. మన్మథునికంటె రాజకీయమునకు జడియుట ఢిల్లీలో ఆశ్చర్యము కాదు. మూడింటి పొట్లము వెల 15 పైసలు. దానిని పంచుటకు ప్రభుత్వము క్రొత్తగా దుకాణములు తెరువలేదు. హిందూస్థాన్ లీవర్, బ్రూక్ బాండ్, లిప్టన్, యూనియన్ కార్బైడ్ మొదలగు, పల్లెపల్లెకు సబ్బును టీపొడిని బ్యాటరీ సెల్లులను చేర్చు కంపెనీల బండ్లలోనే దానిని పంపిరి. మధిరవంటి రైలుపట్టణపు వర్తకునికి టీపొడి పెట్టెతోపాటే త్రికోణపు పొట్లమును చేరెను.

అక్షరాస్యతకు సంబంధించిన సంగతిలో లజ్జకు గల స్థానమును ఇక్కడ చూడవచ్చును. కొనువాడు చదువుకొన్నవాడైనను, దుకాణములో నలుగురు నిలుచుండగా ఆ వస్తువు పేరు పలుకజాలడు. గూటిలో నున్న త్రికోణమును వ్రేలితో చూపుట సాధ్యము. వర్తకుడు మాటాడక కాగితములో చుట్టి యిచ్చును. నిరక్షరాస్యునికై కల్పించిన గుర్తు అక్షరాస్యునికి బిడియము బాపినది. చదువు వచ్చినవాడును చదువ నిచ్చగింపని సందర్భములు ఆరోగ్యవిషయమున పెక్కు గలవు. క్షయ, కుష్ఠు, సుఖవ్యాధులు ఇట్టివే. కావున ‘చదువురానివారి కొరకు’ అని వేరుగా ఒక గుర్తును తక్కువస్థాయిది చేసి యిచ్చుటకంటె, అందరికిని ఒక్కటే గుర్తు నుంచుట మేలని ఆ పొట్లము వలన తెలియవచ్చెను.

ఇంతవరకు గుర్తు అర్థమగుటను గూర్చిన కథ. నమ్మకము వేరు కథ. అది గుర్తుతో ప్రారంభము కాదు. 1965లో ప్రభుత్వము ‘లూపు’ను ప్రవేశపెట్టినపుడు తొలి యేడాది ఎనిమిది లక్షల స్త్రీలకు పైబడి దానిని వేయించుకొనిరి. కొందరికి రక్తస్రావము, నడుమునొప్పి కలిగెను. ఇది వైద్యులెరిగినదే, ముందుగా చెప్పి, నెలనెలకు చూచి, పడనివారికి తీసివేసినచో భయమునకు కారణము లేదు. కాని శిబిరమున ఒక్కనాడు వచ్చిన డాక్టరు మరునాడు వేరొక యూర నుండెను. నొప్పి వచ్చిన స్త్రీకి త్రికోణమున్న గోడ కనబడెనే గాని, ఆ గోడవెనుక మనిషి కనబడలేదు. లూపు శరీరములో పైకెక్కి గుండెను చేరునన్నంతవరకు వదంతులు వ్యాపించెను. రెండుమూడేండ్లలో వేయించుకొనువారి సంఖ్య దిగజారెను. త్యాగి వాక్యములో రెండవ సగము ‘వైద్యుని సలహా పొందుడు’ అనునది. ఆ సగమును నెరవేర్చుట పెయింటరు చేతిలో లేదు.

ప్రచారశాఖవారు ఏటేట సర్వేలు చేయించి, త్రికోణమును గుర్తించినవారు ఇందరు, గర్భనిరోధమును గూర్చి విన్నవారు ఇందరు అని లెక్కలు కట్టుచుండిరి. గుర్తించువారు పెరుగుచుండిరి, ఆచరించువారు ఆ వేగమున పెరుగలేదు. ఇట్టి యెడము ఏర్పడినపుడు గోడలమీద మరిన్ని త్రికోణములు వ్రాయించుట నిష్ఫలము. గూడెములో నొక స్త్రీని ‘ఈ గుర్తేమిటి?’ అని అడిగి ఆపినచో ఆమె సరిగానే చెప్పును, అధికారి సంతోషించును. ‘ఈ గుర్తున్న చోటికి నీవు పోయిన నిన్నేమి చేయుదురు? వలదని చెప్పి తిరిగి రానిత్తురా?’ అని రెండవ ప్రశ్న వేసినపుడు గదా అసలు సమాధానము వచ్చుట! మొదటి ప్రశ్న గుర్తును పరీక్షించును, రెండవది గుర్తు వెనుక నున్న ప్రభుత్వమును.

ఆ రెండవ ప్రశ్నకు దేశము 1976లో సమాధానము వినెను. చంద్రశేఖర్ కాలముననే శస్త్రచికిత్సకు ఒప్పుకొన్నవారికి ట్రాన్సిస్టరు రేడియో నియ్యవలెనన్న ప్రతిపాదన వచ్చినది. బుజ్జగింపు అక్కడ మొదలైనది. అత్యవసర పరిస్థితి నాడు అది బెదిరింపుగా మారెను. ఉపాధ్యాయునికి ఇందరు, పోలీసునకు ఇందరు, గుమాస్తాకు ఇందరు అని లక్ష్యములు విధింపబడెను. లక్ష్యము చేరనివాని జీతము నిలిచెను. ఉత్తరదేశమున ఊళ్లకు ఊళ్లు రాత్రివేళ పొలములలో దాగెను. 1976–77లో దేశమున 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. అందు మూడువంతులు పురుషులకు. మరుసటియేట ఆ సంఖ్య పదిలక్షలకు లోబడి పడిపోయెను. ఆ రెండేండ్లలో త్రికోణపు ఆకారములో వెంట్రుకవాసి మార్పు లేదు. గుర్తించువారును తగ్గలేదు. తగ్గుట యటుండగా, అంతకుముందు దానిని లక్ష్యపెట్టనివాడును ఇప్పుడు దూరమునుండియే గుర్తించి మరలిపోయెను. ప్రచారపు గెలుపు ఎంత సంపూర్ణమో భయము అంత వేగముగా వ్యాపించెను. దేశమంతట ఒక్కటే గుర్తుండుటచేత, హర్యానాలోని పల్లెలో జరిగిన దౌర్జన్యమునకు అస్సాములోని ఆరోగ్యకేంద్రపు గోడయు పూచీపడవలసి వచ్చెను.

దక్షిణదేశమున ఆ తుపాను తాకిడి తక్కువ. 1977 ఎన్నికలలో ఉత్తరమున కాంగ్రెసు తుడిచిపెట్టుకొని పోగా, ఆంధ్రప్రదేశమున 42 స్థానములలో 41 గెలుచుకొనెను. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి యొక్కడే జనతా పక్షమున నెగ్గెను. క్రొత్తగా వచ్చిన జనతా ప్రభుత్వము శాఖ పేరును ‘కుటుంబ సంక్షేమము’ అని మార్చెను. త్రికోణమును మాత్రము ఉంచెను. నాకు ఇది సగము వివేకమనియే తోచును. చదువురానివానికి పేరు మారిన సంగతి తెలియదు. వాడు చూచునది గుర్తును గదా. పేరు మార్చి గుర్తు నుంచుట, చదువుకొన్నవారికి మాత్రము క్షమాపణ చెప్పుకొన్నట్లైనది. గుర్తునే మార్చియున్నచో పదేండ్ల పరిచయము మట్టిపాలగునన్న వాదమునకు బలము లేకపోలేదు. కాని ఆ పరిచయము అప్పటికి ఏ పరిచయముగా మిగిలెనో ఎవరైన పల్లెలో అడిగి చూచి నిర్ణయింపవలసినది.

తెలుగుదేశమున తరువాత జరిగిన కథ త్యాగి ఊహించినదానికి భిన్నము. ఇక్కడ నమ్మకము గోడనుండి గాక నర్సమ్మనుండి వచ్చెను. ఉపకేంద్రమున నివసించుచు, కాన్పులకు పిలిచిన వచ్చుచు, బిడ్డలకు టీకా వేయుచు, పేరు పెట్టి పలుకరించు ఎ.ఎన్.ఎం.కు ఊరివారందరును నర్సమ్మయే. ఆమె ‘రెండో కాన్పు అయినాక ఆపరేషన్ చేయించుకో అమ్మా, నేను వెంట వస్తా’ అనినపుడు త్రికోణము అవసరము లేకపోయెను. ఆమెకును లక్ష్యములుండెను, పైయధికారుల ఒత్తిడియు ఉండెను. కాని ఆపరేషను తరువాత కుట్లు చూచుటకు వచ్చునది కూడ ఆమెయే. ఆంధ్రప్రదేశమున ఒక్కొక్క స్త్రీకి సగటున కలుగు బిడ్డల సంఖ్య 2005–06 సర్వేనాటికి 1.8కి దిగెను. పెండ్లియైన స్త్రీలలో 100కు 63 మంది శస్త్రచికిత్స చేయించుకొనియుండిరి. భర్తలు చేయించుకొన్న జంటలు మూటికి మించలేదు. గోడమీద నాలుగు ముఖములు నవ్వుచుండగా, కత్తి పడినది ఒక్క ముఖముమీదనే. పురుషుని శస్త్రచికిత్స సులభతరమైనది, నిరపాయకరమైనది; అయినను 1976 మిగిల్చిన భయము పురుషులలో తరతరములకు నిలిచెను, స్త్రీలకు భయపడు వెసులుబాటు చిక్కలేదు.

త్యాగి ఇందేమియు చూడలేదు. 1969లో, నలుబదియొక్క యేండ్ల వయసున, కాన్సరువలన మరణించెను. ఇరువదేండ్లకు ఫిల్ హార్వీ అను అమెరికావాసి కుటుంబ నియంత్రణ సాధనములను చౌకగా పంచు సంస్థను స్థాపించి, దానికి ఆయన పేరిటి పొడియక్షరములతో డి.కె.టి. అని పేరు పెట్టెను.

త్రికోణపు నీడ వేరొక ఉద్యమముమీద పడినపుడు దానినుండి పాఠము నేర్చినవారుండిరి. 1995లో పల్స్ పోలియో ప్రారంభమైన పిదప, ఉత్తరప్రదేశమునను బీహారునను కొన్నిచోట్ల ‘ఈ చుక్కలు పిల్లలను గొడ్డువోవజేయు మందు’ అన్న పుకారు లేచెను. ప్రభుత్వము గడప తొక్కి, అడుగకుండ ఇచ్చు దేనినైనను ఆ పల్లెలు పాతజ్ఞాపకముతోనే చూచినవి. పోలియోకు వేరు పేరు, వేరు గుర్తు, ‘రెండు చుక్కలు’ అను వేరు మాట. అంతకుమించి, పుకారు బలముగానున్న పేటలలో తెలియని ఉద్యోగికి మారుగా ఆ పేటవారినే, మసీదు పెద్దలను, పొరుగింటి స్త్రీలను తలుపు తట్టుటకు పంపిరి. దేశమున కడపటి పోలియో రోగి 2011 జనవరి 13న పశ్చిమబెంగాలులోని హౌరా జిల్లాలో కనబడెను. 2014 మార్చి 27న భారతదేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతమునకు పోలియో విముక్తి పత్రము లభించెను.

ఆ ఉద్యమమున రెండు విధములైన వ్రాతలుండెను. పని ముగిసిన యింటి తలుపుమీద సుద్దముక్కతో ‘పి’ అను ఇంగ్లీషు అక్షరమును, బిడ్డ దొరకని యింటిమీద అడ్డగుర్తును వేసెడివారు. అవి వెనుక వచ్చు పర్యవేక్షకుని కొరకు, ఇంటివారికి వానితో పని లేదు. చుక్కలు వేసిన బిడ్డ ఎడమచేతి చిటికెనవ్రేలి గోటికి మాత్రము సిరా పూసెడివారు. ఓటు వేసివచ్చిన తమ వ్రేలిమీద అట్టి సిరాను తల్లులు ఎన్నోమారులు చూచియున్నవారే గనుక, దాని భావమును ఎవ్వరును వారికి వివరింపవలసిన పని లేకపోయెను.